పీడనం మ్యాపులో గుండ్రం కొండ కాదు: గీతలు, లెజెండ్ చదవడం ఎలా?

ప్రశ్న: సార్, మా అమ్మాయి స్కూలువాళ్లు జాగ్రఫీ చాప్టర్‌ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేశారు. ఒకే ప్రాంతానివి రెండు మ్యాపులు పక్కపక్కనే ఉన్నాయి. రెండింట్లోనూ వంకర గీతలే. ఒకదాని మీద 1008, 1004, 1000, 996 అని ఉంది. రెండోదాని మీద 200, 300 అని ఉంది. అమ్మాయి మొదటి మ్యాపు మధ్యలో ఉన్న గుండ్రాన్ని చూసి కొండ అని రాసింది. తప్పని తెలుసు కానీ ఎందుకు తప్పో నాకూ చెప్పడం రాలేదు. ప్రింట్ తీస్తే రంగులన్నీ ఒకేలా పడ్డాయి. అందరూ "ముందు లెజెండ్ చూడు" అంటారు. అందులో ఏం చూడాలి?

జవాబు: ముందుగా మీ అమ్మాయి తరఫున ఒక మాట. ఆ పొరపాటు బుర్ర పెట్టి ఆలోచించిన పిల్లలే చేస్తారు. కాంటూరు మ్యాపులో ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రాలంటే కొండ అని నేర్చుకుంది, అదే ఆకారం పక్క మ్యాపులో కనపడితే అక్కడా కొండే అనుకుంది. ఆకారం వరకు ఆమె చూసింది సరిగ్గానే ఉంది. ఆ గీత దేన్ని కొలిచిందో మాత్రం చూడలేదు. ఆ సంగతి చెప్పేది లెజెండే.

రెండు రకాల గీతలూ ఒకే పద్ధతిలో పుట్టినవి. ఒకే విలువ ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోతే ఒక గీత వస్తుంది. ఆ విలువ నేల ఎత్తు అయితే అది కాంటూరు, గాలి పీడనం అయితే ఐసోబార్. పుస్తకాల్లో సమోన్నత రేఖ, సమభార రేఖ అని కూడా కనపడతాయి. 300 అని రాసిన కాంటూరు మీద ఎక్కడ నిలబడినా సముద్ర మట్టానికి 300 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే. 1004 అని రాసిన ఐసోబార్ మీద ఎక్కడున్నా అక్కడి పీడనం 1004 హెక్టోపాస్కల్ అన్నమాట. పాత పుస్తకమైతే మిల్లీబార్ అని ఉంటుంది. రెండూ ఒకటే, అంకె మారదు, కంగారు పడొద్దు.

కాబట్టి లెజెండ్‌లో మొదట వెతకాల్సింది యూనిట్. మీటర్లా, అడుగులా, హెక్టోపాస్కలా? ఆ తర్వాత వెతకాల్సింది అంతరం, అంటే ఒక గీతకూ పక్క గీతకూ మధ్య విలువలో తేడా ఎంత అని. "కాంటూరు అంతరం 20 మీ." అనో, "ఐసోబార్లు 4 హెక్టోపాస్కల్ తేడాతో" అనో రాసి ఉంటుంది. మూడోది స్కేలు. రోడ్డు, గుడి, చెరువు గుర్తులు అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు. గీతలు చదవడానికి మాత్రం ఈ మూడూ తెలియాలి.

స్కాన్‌లో లెజెండ్ కోసుకుపోయిందనుకోండి, అప్పుడూ దారి ఉంది. గీతల మీద అంకెలు 980కీ 1040కీ మధ్యలో, రెండు రెండుగానో నాలుగు నాలుగుగానో మారుతుంటే అది దాదాపు ఖాయంగా పీడనమే. ఇంకో గుర్తు, గీత నేల దాటి సముద్రం మీదికి వెళ్తోందా చూడండి. గాలి నేల మీదా ఉంటుంది, నీటి మీదా ఉంటుంది. అందుకే ఐసోబార్ తీరాన్ని లెక్కచేయకుండా దాటిపోతుంది. కాంటూరు అలా దాటదు, ఎందుకంటే తీరమే సున్నా మీటర్ల గీత. సముద్రంలో లోతు చూపే గీతలు కొన్ని మ్యాపుల్లో ఉంటాయి కానీ అవి వేరే, వాటి అంకెలు తీరం నుంచి లోపలికి పెరుగుతూ పోతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే ప్రాంతానికి గీసిన రెండు మ్యాపులే కదా, మరి రెండో మ్యాపులో కొండ ఉన్న చోట మొదటి మ్యాపులో ఏమీ ఎందుకు లేదు? ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందని అదే చాప్టర్లో రాసి ఉంటుంది. అలాంటప్పుడు కొండ మీద తక్కువ పీడనం గుండ్రం కనపడాలి కదా?

కనపడాలి, కొలిచింది కొలిచినట్టు గీస్తే. సముద్ర మట్టం దగ్గర్లో ప్రతి 8, 9 మీటర్లు పైకి వెళ్లేకొద్దీ పీడనం సుమారు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. 900 మీటర్ల ఎత్తున్న ఊళ్లో బారోమీటర్ చూస్తే మామూలు రోజున 910 దరిదాపుల్లో చూపిస్తుంది. సముద్రం ఒడ్డున అదే రోజు 1013 ఉందనుకోండి, తేడా నూరు పైనే. మీ మ్యాపులో బయటి గీతకూ లోపలి గీతకూ ఉన్న తేడా 12 మాత్రమే. అంటే ఎత్తు వల్ల వచ్చే తేడా ముందు వాతావరణం వల్ల వచ్చే తేడా సోదిలోకి కూడా రాదు. కొలిచినవి కొలిచినట్టు గీస్తే ఐసోబార్ మ్యాపు కాంటూరు మ్యాపుకు నకలులా తయారవుతుంది. గాలి సంగతి మాత్రం తెలియదు.

అందుకే వాతావరణ శాఖలవాళ్లు ప్రతి కేంద్రంలో కొలిచిన పీడనానికి, ఆ కేంద్రం ఎత్తును బట్టి, సముద్ర మట్టంలో అయితే ఎంత ఉండేదో లెక్కకట్టి ఆ అంకెనే మ్యాపు మీద వేస్తారు. ఎత్తు ప్రభావాన్ని ఇలా తీసేశాకే ఐసోబార్లు గీస్తారు. లెజెండ్‌లోనో మ్యాపు శీర్షికలోనో "సముద్ర మట్టానికి సవరించిన పీడనం" అన్న అర్థంలో ఒక చిన్న వాక్యం ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. మీ అమ్మాయికి చూపించాల్సింది ఆ వాక్యమే. ఐసోబార్ మ్యాపులోంచి కొండల్ని కావాలనే తీసేశారు, అందులో కొండ కనపడే అవకాశమే లేదు. (చాలా ఎత్తైన పీఠభూముల మీద ఈ సవరణ అంత నమ్మకంగా ఉండదు. అలాంటి చోట్ల గీతలు కాస్త వింతగా తిరిగితే దాన్ని పెద్దగా పట్టించుకోవద్దు.)

అయితే ఆ గుండ్రం ఏమిటి? అంకెలు చూడండి. బయట 1008, లోపలికి వస్తే 1004, 1000, చివరి గుండ్రం 996. లోపలికి వచ్చేకొద్దీ తగ్గుతోంది, కాబట్టి అది అల్పపీడనం. అదే ఆకారంలో లోపలికి పెరుగుతూ పోతే అధిక పీడనం. కాంటూరు మ్యాపులో గుంటను చూపాల్సి వస్తే గుండ్రానికి లోపలివైపు చిన్న చిన్న పళ్లలాంటి గీతలు పెడతారు. వాటిని బట్టి ఇది కొండ కాదు, గొయ్యి అని తెలుస్తుంది. ఐసోబార్లకు ఆ పళ్లు పెట్టే అలవాటు లేదు. మధ్యలో ఒక అక్షరం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకే పీడనం మ్యాపులో ఒక్క గుండ్రాన్ని చూసి ఏమీ చెప్పకూడదు, కనీసం రెండు పక్కపక్క గీతల అంకెలు చదివాకే నోరు విప్పాలి.

మధ్యలో పీడనం ఎంత అని అడిగితే "996" అని రాస్తారు పిల్లలు. 996 అనేది ఆ గీత మీద మాత్రమే. గీత లోపల 996 కన్నా తక్కువ, కానీ 992 కన్నా ఎక్కువ. 992కి దిగి ఉంటే ఇంకో గీత పడేది కదా. రెండు గీతల మధ్య ఉన్న ఊరికైతే దూరాన్ని బట్టి అంచనా వేయాలి. 1004కీ 1000కీ సరిగ్గా మధ్యలో ఉంటే సుమారు 1002. 1004 గీతకు దగ్గరగా, పావు వంతు దూరంలో ఉంటే సుమారు 1003. "సుమారు" అన్న మాట మాత్రం రాయించండి, అది లేకపోతే జవాబు సరికాదు.

ఇక కాంటూరు మ్యాపు. ఇక్కడ అంకెలు 200, 300 మాత్రమే ఉన్నాయన్నారు. అవి లావు గీతల మీద ఉండి ఉంటాయి. సాధారణంగా ప్రతి ఐదో గీతను లావుగా గీసి దాని మీదే అంకె వేస్తారు, అన్నిటి మీదా వేస్తే మ్యాపు నిండిపోతుంది. 200 లావు గీతకూ 300 లావు గీతకూ మధ్య నాలుగు సన్న గీతలు ఉన్నాయనుకుందాం. అంతరం ఎంత? వందను నాలుగుతో భాగించి 25 అంటారు చాలామంది. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే చేసి ఒక ప్రాక్టికల్ పరీక్ష పేజీ మొత్తం పోగొట్టుకున్నాను. లెక్కపెట్టాల్సింది గీతల్ని కాదు, మధ్యలో ఉన్న ఖాళీల్ని. నాలుగు గీతల వల్ల ఐదు ఖాళీలు ఏర్పడతాయి. వందను ఐదుతో భాగిస్తే 20 మీటర్లు. లెజెండ్‌లో కూడా 20 అనే ఉంటే మీ లెక్క సరే. లేకపోతే స్కాన్‌లో ఒక సన్న గీత మాసిపోయిందేమో పెద్దది చేసి చూడండి.

300 లోపల ఇంకో రెండు సన్న గుండ్రాలు ఉంటే అవి 320, 340. శిఖరం ఎత్తు 340 కన్నా ఎక్కువ, 360 కన్నా తక్కువ. శిఖరం దగ్గర ఒక చుక్క పెట్టి 352 లాంటి అంకె రాసి ఉంటే అది కొలిచిన ఎత్తు, దాన్నే రాయాలి. చుక్క లేకపోతే "340కీ 360కీ మధ్య" అన్నదే సరైన జవాబు. పీడనం మ్యాపులో 996 లోపల చేసిన ఆలోచనే ఇది, తిప్పి చేశాం అంతే.

ఆ తర్వాత వాలు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే వాలు నిటారు, దూరదూరంగా ఉంటే నెమ్మది వాలు. ఇది అందరికీ వచ్చు. అంకెల్లో చెప్పమంటేనే తడబడతారు. అప్‌లోడ్ చేసిన మ్యాపుతో దానికి తోడు ఇంకో చిక్కుంది. స్కేలు రెండు రకాలుగా ఇస్తారు. ఒకటి 1:50,000 అని అంకెల్లో, ఇంకొకటి కిలోమీటర్లు గుర్తు పెట్టిన చిన్న పట్టీ రూపంలో. 1:50,000 అంటే మ్యాపు మీద 1 సెంటీమీటరు నేల మీద 50,000 సెంటీమీటర్లు, అంటే అర కిలోమీటరు. కానీ ఆ మాట అసలు అచ్చయిన సైజులోనే నిజం. స్కాన్ చేసి, పీడీఎఫ్ చేసి, మీరు "పేజీకి సరిపోయేలా" అని ప్రింట్ తీసేసరికి మ్యాపు చిన్నదైపోతుంది. అంకె మాత్రం 1:50,000 గానే ఉండిపోతుంది. ఫోన్ తెర మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇక చెప్పక్కర్లేదు, జూమ్ చేసినప్పుడల్లా జవాబు మారిపోతుంది. పట్టీ అలా కాదు, మ్యాపుతో పాటే అదీ చిన్నదవుతుంది, పెద్దదవుతుంది. కాబట్టి ఎప్పుడూ పట్టీనే నమ్మండి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. మీ ప్రింట్‌లో 2 కిలోమీటర్ల పట్టీ 3 సెంటీమీటర్లు ఉందనుకోండి. అసలు మ్యాపులో అది 4 సెంటీమీటర్లు ఉండాల్సింది. కొండకు తూర్పు వైపున 200 గీత నుంచి 300 గీతకు దూరం కొలిస్తే 1.5 సెంటీమీటర్లు వచ్చింది. పట్టీ ప్రకారం 3 సెంటీమీటర్లకు 2 కిలోమీటర్లు, కాబట్టి ఇది 1 కిలోమీటరు. వెయ్యి మీటర్లు నడిస్తే వంద మీటర్లు ఎక్కుతాం, వాలు 10కి 1. పడమర వైపు అదే 200, 300 గీతల మధ్య 4.5 సెంటీమీటర్లు ఉంటే 3 కిలోమీటర్లు, వాలు 30కి 1. కొండ ఎక్కాలంటే ఎటునుంచి సులువో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఇదే తూర్పు వైపు లెక్కను 1:50,000తో చేస్తే దూరం 750 మీటర్లు వస్తుంది, వాలు ఏడున్నరకి 1 అవుతుంది. చూడటానికి నమ్మేలాగే ఉంటుంది. అందుకే తప్పు జరిగిందని ఎవరికీ అనుమానం కూడా రాదు.

గీతల దగ్గరితనాన్ని పీడనం మ్యాపులోనూ ఇలాగే చదవొచ్చు. ఐసోబార్లు దగ్గరగా ఉన్న చోట తక్కువ దూరంలోనే పీడనం ఎక్కువ మారుతోంది, అక్కడ గాలి బలంగా వీస్తుంది. దూరంగా ఉన్న చోట గాలి నెమ్మది. అయితే రెండు వేర్వేరు పీడనం మ్యాపుల్ని పోల్చే ముందు అంతరం చూసుకోవాలి. అదే వాతావరణాన్ని ఒకరు 4 తేడాతో, ఇంకొకరు 2 తేడాతో గీస్తే రెండో మ్యాపులో గీతలు రెట్టింపు ఒత్తుగా కనపడతాయి. అంతమాత్రాన గాలి రెట్టింపు కాదు.

ఇక్కడి నుంచి రెండు మ్యాపుల దారులు వేరు. కొండ మీద నీళ్లు పోస్తే కాంటూర్లను అడ్డంగా, సూటిగా కోసుకుంటూ కిందికి దిగుతాయి. అది చూసి పిల్లలు ఐసోబార్ మ్యాపులోనూ బయటి నుంచి మధ్యలోకి సూటిగా గాలి బాణాలు గీసేస్తారు. గాలి అలా పోదు. భూమి తిరగడం వల్ల అది పక్కకు మళ్లుతుంది, ఉత్తరార్ధగోళంలో కుడివైపుకి, దక్షిణార్ధగోళంలో ఎడమవైపుకి. చివరికి అది ఐసోబార్ల వెంట దాదాపు సమాంతరంగా పోతూ, నేల దగ్గర రాపిడి వల్ల కొంచెం ఏటవాలుగా అల్పపీడనం వైపు ఒరుగుతుంది. ఆ ఒరుగు నున్నటి సముద్రం మీద తక్కువ, కొండలూ చెట్లూ ఉన్న నేల మీద ఎక్కువ. అందుకే ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది. 1857లో బైస్ బాలెట్ అనే డచ్ వాతావరణ శాస్త్రవేత్త చెప్పిన సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. దక్షిణార్ధగోళంలో కుడిచేతి వైపు. బాణాలు గీశాక మ్యాపు మీద ఒక చిన్న బొమ్మను ఊహించుకుని ఈ సూత్రంతో సరిచూసుకోమనండి. భూమధ్యరేఖకు బాగా దగ్గరగా మాత్రం ఈ మళ్లింపు బలహీనపడుతుంది, అక్కడ ఈ సూత్రాన్ని వాడొద్దు.

ఇంకోటి చూడాలి. ఆ పీడనం మ్యాపు ఏ కాలానిది? శీర్షికలో ఒక తేదీ, గంట ఉంటే అది ఆ క్షణపు వాతావరణం, మధ్యలో ఉన్న అల్పపీడనం ఆ రోజు నిజంగా అక్కడ ఉంది. "జనవరి" అనో "జూలై" అనో నెల పేరు ఒక్కటే ఉంటే చాలా ఏళ్ల సగటు. సగటు మ్యాపులో తుపాన్లు ఉండవు, అన్నీ కలిసిపోయి నున్నగా అయిపోతాయి. అలాంటి మ్యాపు చూపించి "ఇక్కడ వాన పడుతోంది" అని రాస్తే తప్పు.

ఇక నలుపు తెలుపు ప్రింట్ గొడవ. రంగు మ్యాపుల్లో సాధారణంగా కాంటూర్లు గోధుమ రంగులో, నదులు నీలంలో ఉంటాయి. ప్రింట్‌లో రెండూ బూడిద రంగు సన్న గీతలే అయిపోతాయి. నదిని కాంటూరు అనుకుంటే లెక్కంతా పోతుంది. తెలుసుకోవడం కష్టమేం కాదు. నది కాంటూర్లను అడ్డంగా దాటుతుంది, కాంటూరు ఇంకో కాంటూరును దాటదు. పైగా నది దాటే ప్రతిచోటా కాంటూరు ఒక మొనలా వంగుతుంది, ఆ మొన ఎగువ వైపు, అంటే నది వచ్చే వైపు చూపిస్తుంది. మొనలన్నీ వరసగా ఒకే గీత మీద ఉంటే ఆ గీత నదే. ఎత్తును బట్టి రంగులు నింపిన మ్యాపయితే ప్రింట్‌ను పక్కనపెట్టి తెర మీదే చదవండి, లేత ఆకుపచ్చా లేత గోధుమ రంగూ బూడిదలో ఒకటే. తెర మీద చూసినప్పుడు కూడా ఆకుపచ్చ అంటే అడవి అని అనుకోవద్దు. అలాంటి మ్యాపులో ఆకుపచ్చ అంటే పల్లపు నేల అని మాత్రమే. అక్కడ ఎడారి ఉన్నా ఆ రంగే వేస్తారు.

పీడనం మ్యాపులో ఒక గీత మరో గీతను దాటుతూ కనపడితే, ఒకే చోట రెండు పీడనాలు ఉండవు కాబట్టి, అందులో ఒకటి ఐసోబార్ కాదు. అది ఉష్ణోగ్రత గీత కావచ్చు. లేదా త్రిభుజాలూ అర్ధచంద్రాలూ అతికించిన లావు గీత అయితే అది చల్లని, వెచ్చని గాలులు కలిసే సరిహద్దు. లెజెండ్‌లో దాని గుర్తు వేరుగా ఉంటుంది.

మసకబారిన అంకెలకు జూమ్ చేసి కళ్లు పాడుచేసుకోనక్కర్లేదు. 1004కీ 1012కీ మధ్య గీత మీద అంకె 1006లానూ 1008లానూ కనపడుతోంటే, అంతరం 4 కాబట్టి అది 1008. అంతరం తెలిస్తే మాసిన అంకె తనంతట తానే బయటపడుతుంది. అంతరం దొరకకపోయినా, స్కేలు పట్టీ కోసుకుపోయినా టీచర్‌కి "మ్యాపు అర్థం కాలేదు" అని మెసేజ్ పెట్టకండి. "లెజెండ్ ఉన్న మూల, స్కేలు పట్టీ స్కాన్‌లో రాలేదు, ఆ పేజీ మళ్లీ పంపండి" అని పెట్టండి. వాళ్లకు ఏం పంపాలో తెలుస్తుంది.